చేత్తో చేసిన క్రీముకు గడువు, బ్యాచ్ ఖర్చు, అమ్మకం ధర: మూడూ ఒకే లెక్క

ప్రశ్న: ఇంట్లోనే చిన్నగా ఒక ఫేస్ క్రీము, ఒక బామ్ చేసి తెలిసినవాళ్లకు అమ్ముతున్నాను. ఇప్పుడు ఒక షాపువాళ్లు 50 గ్రాముల క్రీము డబ్బాలు పెట్టుకుంటామంటున్నారు. గడువు ఎంత వేయాలి? డబ్బా ఒక్కింటికి నిజంగా ఎంత పడుతోందో ఎలా తేల్చుకోవాలి? ఖర్చుకు మూడింతలు ధర పెట్టమని అందరూ అంటున్నారు, అది సరిపోతుందా?

సమాధానం:

ముందు గడువు తేల్చుకోండి. గడువును బట్టే ఒకసారికి ఎంత చేయొచ్చో తెలుస్తుంది. ఎంత చేస్తున్నారో దాన్ని బట్టి డబ్బా ఖర్చు, ఆ ఖర్చును బట్టి ధర. చాలామంది ధర దగ్గర మొదలుపెట్టి వెనక్కి వస్తారు, గడువు మాత్రం పక్కవాళ్ల లేబుల్ చూసి వేసేస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది.

బామ్ సంగతి తేలిక, అది ముందు చెప్పేస్తాను. అందులో నీళ్లు లేవు కాబట్టి సూక్ష్మజీవులు పెరగవు. పాడయ్యేది నూనె. గాలి, వెలుతురు, వేడి తగిలి నూనె ఆక్సీకరణ చెందుతుంది, కనరు వాసన వస్తుంది. మీరు వాడే నూనెల్లో అన్నిటికన్నా ముందు పాడయ్యేది ఏదో చూడండి. రోజ్‌హిప్, ద్రాక్షగింజల నూనె లాంటివి తొందరగా పోతాయి. జొజోబా చాలాకాలం నిలుస్తుంది. నూనె డబ్బా మీద సరఫరాదారు వేసిన తేదీకి ఇంకా ఐదు నెలలే ఉంటే, దానితో ఈరోజు చేసిన బామ్‌కు ఏడాది గడువు వేయకూడదు. విటమిన్ ఈ కలిపితే ఆ ఆక్సీకరణ నెమ్మదిస్తుంది, అంతే. అది ప్రిజర్వేటివ్ కాదు. ఈ రెండింటినీ ఒకటే అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది కనిపిస్తారు, అందుకే గట్టిగా చెబుతున్నాను. స్నానాల గదిలో తడి చేత్తో తీసుకునే చక్కెర స్క్రబ్ లాంటిదైతే, చేసేటప్పుడు నీళ్లు లేకపోయినా వాడేటప్పుడు చేరతాయి. దానికి ప్రిజర్వేటివ్ కావలసిందే.

ఇక క్రీము. నీళ్లున్న ఏ వస్తువుకైనా మొదటి ప్రశ్న ఇది: ఇందులో ఏదైనా పెరుగుతుందా? చూపుకూ వాసనకూ నిక్షేపంగా ఉన్న క్రీములోనే సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా గ్రాముకు లక్షల్లో ఉండొచ్చు. కాబట్టి "ఆరు నెలలు అల్మారాలో పెట్టాను, ఏమీ కాలేదు" అన్నది రుజువు కిందకు రాదు. రుజువు అంటే ప్రిజర్వేటివ్ సామర్థ్య పరీక్ష, ల్యాబ్‌లో చాలెంజ్ టెస్ట్ అంటారు. ఐఎస్ఓ 11930 పద్ధతిలో మీ క్రీములోకి ఐదు రకాల సూక్ష్మజీవుల్ని కావాలనే ఎక్కిస్తారు: మూడు బ్యాక్టీరియాలు, ఒక ఈస్టు, ఒక బూజు. తర్వాత 28 రోజుల పాటు ఎన్ని బతికి ఉన్నాయో లెక్కపెడతారు. మొదటి స్థాయిలో నెగ్గాలంటే ఏడో రోజుకు బ్యాక్టీరియా వెయ్యో వంతుకు పడిపోవాలి, ఆ తర్వాత మళ్లీ పెరగకూడదు. ఇది ఒక ఫార్ములాకు ఒకసారి చేయించే పరీక్ష. ఫార్ములా మారిస్తే మళ్లీ చేయించాలి. ఒక ఫార్ములాకు చేయించి దానికే నాలుగు సువాసనలు మార్చి అమ్ముతామంటే, ఆ మార్పు ఫలితాన్ని కదిలిస్తుందో లేదో ముందే ల్యాబ్‌ను అడగండి.

ఇంట్లో అగర్ పలకల మీద రాసి చూసే కిట్లు దొరుకుతాయి. శుభ్రత ఎలా ఉందో చూసుకోవడానికి వాడుకోండి, గడువు నిర్ణయించడానికి వద్దు. క్రీముతో పాటు ప్రిజర్వేటివ్ కూడా ఆ పలక మీదికి చేరి అక్కడ కూడా పెరుగుదలను ఆపేస్తుంది, పలక శుభ్రంగా కనిపిస్తుంది. ల్యాబ్‌లో ముందు ప్రిజర్వేటివ్‌ను నిర్వీర్యం చేసి ఆ తర్వాతే లెక్కిస్తారు.

చిన్న బ్రాండ్లు ఎక్కువగా వాడేవి సోడియం బెంజోయేట్, పొటాషియం సోర్బేట్. వీటి విషయంలో గడువును ఎక్కువగా దెబ్బతీసేది పీహెచ్. ఇవి ఆమ్ల రూపంలో ఉన్నప్పుడే సూక్ష్మజీవి లోపలికి దూరి పనిచేస్తాయి. పీహెచ్ 4.5 దగ్గర బెంజోయేట్‌లో సుమారు మూడో వంతు ఆ రూపంలో ఉంటుంది. 5.5కు చేరితే ఇరవయ్యో వంతే మిగులుతుంది. అంటే మీరు తూచి వేసింది అంతే ఉన్నా, పనిచేసేది ఆరేడు రెట్లు తగ్గిపోతుంది. చేసిన రోజు 4.8 ఉన్న క్రీము నాలుగు నెలలకు 5.4కు ఎక్కిందంటే, డబ్బాలో ఏమీ మారినట్టు కనిపించకపోయినా దాని రక్షణ చాలావరకు పోయినట్టే. అందుకే పీహెచ్ మీటరు కొనండి, కాగితపు పట్టీల మీద ఆధారపడొద్దు. క్రీము ఒక వంతు, డీఅయోనైజ్డ్ నీళ్లు తొమ్మిది వంతులు కలిపి ప్రతిసారీ అదే పద్ధతిలో కొలవండి. మీటరును వాడే రోజు బఫర్ ద్రావణాలతో సరిచూసుకోండి.

తర్వాతిది నిలకడ పరీక్ష. ఇది మీరే చేసుకోవచ్చు. అమ్మే డబ్బాలోనే, అమ్మే మూతతోనే క్రీము నింపి మూడు చోట్ల పెట్టండి: ఫ్రిజ్‌లో, 25 డిగ్రీల దగ్గర, 40 డిగ్రీల దగ్గర. మొదటి నెల వారం వారం, తర్వాత నెలకోసారి తీసి బరువు, పీహెచ్, రంగు, వాసన, చిక్కదనం రాయండి. ఫ్రిజ్‌లోది పోల్చుకోవడానికి. మూడూ పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. విడిగా చూస్తే కంటికీ ముక్కుకూ అలవాటైపోతుంది. బరువు తగ్గుతుంటే మూతలోంచి నీళ్లు పోతున్నాయన్నమాట. అప్పుడు తప్పు ఫార్ములాది కాదు, డబ్బాది. అంచున నూనె వలయం, అడుగున నీటి బొట్లు, వేళ్ల మధ్య రవ్వలా తగలడం, ఇవి ఎమల్షన్ విడిపోతోందనడానికి గుర్తులు. వాసన పట్టడానికి కొంచెం క్రీము కాగితం మీద పూసి పది నిమిషాలు ఆగండి. పరిమళం కొంత ఎగిరిపోయాక అడుగునున్న నూనె వాసన బయటపడుతుంది. పాత మైనపు రంగు పెన్సిళ్ల వాసన లాంటిది తగిలితే ఆ బ్యాచ్ అక్కడితో అయిపోయినట్టే.

40 డిగ్రీల్లో మూడు నెలలు నిలిస్తే మామూలుగా ఎంతకాలం నిలుస్తుంది? ప్రతి 10 డిగ్రీలకు రసాయన చర్య వేగం సుమారు రెండింతలు అవుతుందన్న మోటు లెక్క ఒకటుంది. దాని ప్రకారం 25కూ 40కూ మధ్య వేగం 2.8 రెట్లు. మూడు నెలలు అంటే ఎనిమిది నెలల పైచిలుకు. దీన్ని రెండేళ్లకు లాగేవాళ్లు ఉన్నారు, నేను లాగను. ఈ లెక్క ఆక్సీకరణ లాంటి రసాయన మార్పులకే వర్తిస్తుంది, సూక్ష్మజీవులకు కాదు. మెత్తని వెన్నలు, మైనాలు 40 దగ్గర కరిగిపోతే అసలు వర్తించదు. అది వేరే వస్తువుగా మారిపోయి చూపించే ఫలితం.

నేను చెప్పే పద్ధతి ఇది. చాలెంజ్ టెస్ట్ నెగ్గి, 40 డిగ్రీల్లో మూడు నెలలు పీహెచ్ కదలకుండా నిలిచిందంటే, మొదటి బ్యాచ్‌లకు ఆరు నెలల గడువు వేయండి. పక్కన పెట్టిన డబ్బాలు మామూలు గదిలో నిజంగా ఏడాది దాటాక, అప్పుడు కొత్త బ్యాచ్‌లకు పన్నెండు నెలలు వేయండి. పాత బ్యాచ్ మీద తేదీ మార్చొద్దు. లేబుల్ మీద ఏ తేదీ ఎలా వేయాలన్నది మీరు అమ్మే దేశం నిబంధన. ఐరోపా సమాఖ్యలో 30 నెలలు లేదా అంతకన్నా తక్కువ నిలిచేదానికి తేదీ వేయాలి, అంతకన్నా ఎక్కువ నిలిచేదానికి తెరిచాక ఎన్ని నెలలో చూపే డబ్బా గుర్తు వేయాలి. మీరు అమ్మే చోట ఏముందో అది చూసుకోండి.

ఇప్పుడు ఖర్చు. కింద చెప్పే అంకెలు ఏ కరెన్సీలోనైనా అనుకోండి, ముఖ్యం వాటి మధ్య నిష్పత్తి. 5 కిలోల బ్యాచ్ తీసుకుందాం. ముడిసరుకుకు 2,200. ఇందులో రవాణా ఖర్చు కూడా కలిపి గ్రాముకు ఎంత పడిందో వేయాలి, బిల్లులో ఉన్న ధర ఒక్కటే కాదు. 5,000 గ్రాములను 50తో భాగిస్తే 100 డబ్బాలు, డబ్బాకు 22. ఖాళీ డబ్బా, మూత, లేబుల్, పెట్టె కలిపి 18. మొత్తం 40. దాదాపు అందరూ చెప్పే "ఖర్చు" ఇదే.

బ్యాచ్ నిజంగా చేసి తూస్తే అలా రాదు. గిన్నెకు, బ్లెండర్‌కు, నింపే గరాటుకు అంటుకుని సుమారు 200 గ్రాములు పోతుంది. మిగిలింది 4,800. లేబుల్ మీద 50 అని ఉంది కాబట్టి ఏ డబ్బా తక్కువ పడకుండా 51 నింపుతారు. 94 డబ్బాలు వస్తాయి. వాటిలో నిలకడ పరీక్షకు, ల్యాబ్‌కు, షాపులో రాసి చూపించడానికి కలిపి ఆరు పోతాయి. అమ్మకానికి చేతికొచ్చేది 88. వందతో భాగించాల్సింది కాదు, ఎనభై ఎనిమిదితో.

పైన ఏమేం చేరతాయంటే: 94 డబ్బాల ప్యాకింగ్‌కు 1,692. మీ పని గంటలు, అంటే సామాన్లు శానిటైజ్ చేయడం దగ్గర్నుంచి తూకం, తయారీ, నింపడం, లేబుల్, కడగడం, రికార్డు రాయడం దాకా తొమ్మిది గంటలు. గంటకు 150 చొప్పున 1,350. ఈ బ్యాచ్‌లో సూక్ష్మజీవుల లెక్కకు ల్యాబ్ తీసుకునేది 600. ఆల్కహాల్, గ్లవ్స్, కరెంటు 250. ముడిసరుకుతో కలిపి 6,092. దాన్ని 88తో భాగిస్తే 69. కాగితం మీది 40, చేతిలో 69 అయింది. పని గంటలకు డబ్బు వేసుకోవడానికి మొహమాటపడకండి. రేపు అమ్మకాలు పెరిగి ఇంకొకరిని పెట్టుకుంటే వాళ్లకు ఇవ్వాల్సిందే కదా. ఆ రోజు ధర పెంచాలంటే కొనేవాళ్లు ఒప్పుకోరు.

ఇంకా రెండు ఉన్నాయి. చాలెంజ్ టెస్ట్, భద్రతా మదింపు లాంటి ఒక్కసారి ఖర్చులు. 6,000 అయిందనుకుని, ఏడాదిలో అమ్ముడవుతాయనుకునే డబ్బాలకు పంచండి. ఉత్సాహంగా కాకుండా నమ్మకంగా చెప్పగలిగే సంఖ్య వేయండి. 500 అనుకుంటే డబ్బాకు 12. అప్పుడు 81. రెండోది, పగిలినవి, గడువు దాటినవి, తిరిగొచ్చినవి. నూటికి ఎనిమిది పోతాయనుకుంటే మిగిలిన 92 డబ్బాలు ఆ భారం మోయాలి. 81ని 0.92తో భాగించండి. 88 వచ్చింది. మీ క్రీము అసలు ఖర్చు ఇది.

ఇక్కడే గడువు ఈ లెక్కలోకి దిగుతుంది. షాపులు సాధారణంగా సగం గడువైనా మిగిలి ఉన్న సరుకే తీసుకుంటాయి. గడువు పన్నెండు నెలలైతే మీ దగ్గర ఆరు నెలలు ఉండొచ్చు. చేసిన తర్వాత ల్యాబ్ ఫలితం వచ్చేదాకా రెండు వారాలు పక్కన పెట్టడం తీసేస్తే ఐదున్నర నెలలు. నెలకు 20 డబ్బాలు పోతుంటే 88 నాలుగున్నర నెలల్లోపే అయిపోతాయి. 5 కిలోల బ్యాచ్ సరిపోయింది. గడువు ఆరు నెలలే అయితే మీ చేతిలో ఉండేది మూడు నెలలు, రెండు వారాలు పోగా రెండున్నర. అంటే 50 డబ్బాలు. బ్యాచ్ 3 కిలోలకు దిగాలి.

3 కిలోలు చేస్తే గిన్నెకు అంటుకునేది అదే నిష్పత్తిలో తగ్గదు, 150 గ్రాములు పోతుంది. 55 డబ్బాలు వస్తాయి, ఆరు పరీక్షలకు పోగా 49. ముడిసరుకు 1,320కి, ప్యాకింగ్ 990కి తగ్గాయి. ల్యాబ్ ఫీజు మాత్రం అదే 600. పని తొమ్మిది గంటల నుంచి ఏడున్నరకే తగ్గింది, ఎందుకంటే శానిటైజ్ చేయడం, కడగడం, రికార్డు రాయడం ఎంత చేసినా ఒకటే. అది 1,125. చిల్లర ఖర్చు 200. మొత్తం 4,235, డబ్బాకు 86. అదే క్రీము, అదే డబ్బా, గడువు సగమయ్యేసరికి ఒక్కోదానికి 17 పెరిగింది. పీహెచ్ నిలబెట్టే బఫర్‌కో, వేళ్లు తగలని ఎయిర్‌లెస్ పంపు సీసాకో డబ్బాకు నాలుగైదు ఎక్కువ పెట్టి గడువు పన్నెండు నెలలకు తేగలిగితే, ఆ ఖర్చు తిరిగొచ్చి ఇంకా మిగులుతుంది. పంపుకు మారితే మాత్రం అందులోనే నిలకడ పరీక్ష మళ్లీ చేయండి. తాజా కలబంద గుజ్జు, పండ్ల పొడులు, తేనె లాంటివి ఫార్ములాలో ఉంటే ప్రిజర్వేటివ్ మీద భారం పెరిగి గడువు తగ్గుతుంది. వాటి అసలు ఖరీదు ముడిసరుకు బిల్లులో కాకుండా ఇక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు మూడింతల సంగతి. 40కు మూడింతలు 120. షాపువాళ్లు "మాకు యాభై శాతం" అంటే అది వాళ్లు అమ్మే ధరలో సగం, మీ ధర మీద సగం కాదు. మీకు చేరేది 60. అసలు ఖర్చు 88. డబ్బాకు 28 నష్టం, ఎన్ని ఎక్కువ అమ్మితే అంత ఎక్కువ నష్టం. మూడింతలన్న సూత్రంలో లోపం మూడులో లేదు, దేనికి మూడింతలు అన్నదాంట్లో ఉంది.

నేనైతే కింది నుంచి కడతాను. షాపుకు ఇచ్చే ధరలో 30 శాతం మిగలాలి, అందులోంచే అద్దె, వెబ్‌సైట్, బీమా, లాభం రావాలి. 88ని 0.70తో భాగిస్తే 126. రెట్టింపు 252, అంటే 250 అనుకోండి. పన్ను దీనికి బయట. మీ దగ్గర ధరలోనే పన్ను కలిసి ఉంటే ముందు అది తీసేసి మిగిలినదానితో ఈ లెక్క వేయండి. షాపు ద్వారా అమ్మితే 125 వస్తుంది, 88 పోగా డబ్బాకు 37 మిగులుతుంది. మొదటి ఏడాది ఆరు నెలల గడువుతో, చిన్న బ్యాచ్‌లతో నడిచినా ఖర్చు 86కు 12 కలిపి, 0.92తో భాగిస్తే 107. 125లో 18 మిగులుతుంది. పెద్దగా మిగలదు కానీ నష్టం లేదు. ఈ రెండో లెక్కలోనూ నిలబడే ధరనే పెట్టండి.

మీరే నేరుగా అమ్మితే మొత్తం 250 మీదేనని అనుకోవద్దు. అప్పుడప్పుడూ ఇచ్చే 15 శాతం తగ్గింపు పోతే 212. చెల్లింపు రుసుము 3 శాతం, అంటే ఆరు. పెట్టె, కొరియర్ 30. మిగిలింది 176, అందులో 88 ఖర్చు, 88 మిగులు. షాపు కన్నా 51 ఎక్కువ. అంటే ఒక కొత్త కస్టమర్‌ను తెచ్చుకోవడానికి ప్రకటనల మీద డబ్బాకు 51 దాకా పెట్టొచ్చు, అది దాటితే షాపుకు ఇవ్వడమే నయం. అప్పుడప్పుడూ ఇచ్చే తగ్గింపు వేరు, నేరుగా అమ్మేటప్పుడు మామూలు ధరను షాపు ధర కన్నా తగ్గించి మాత్రం పెట్టకండి, షాపు నుంచి రెండో ఆర్డరు రాదు.

షాపుతో మాట్లాడేటప్పుడు ఒకటి ముందే తేల్చుకోండి: సరుకు కొనేస్తారా, అమ్ముడయ్యాకే డబ్బిస్తారా? రెండోదైతే గడువు దాటినవన్నీ మీ మీదే పడతాయి, పైన వేసిన ఎనిమిది శాతం చాలదు, 15 వేసి మళ్లీ లెక్కించండి. అప్పుడు ఖర్చు 88 కాదు, 95 దాటుతుంది. మొదటి ఆర్డరు 12 డబ్బాలకు మించి ఇవ్వకండి. ప్రతి డబ్బా మీద బ్యాచ్ నంబరు వేసి, ఏ షాపుకు ఏ బ్యాచ్ వెళ్లిందో రాసుకోండి. మూడో నెలలో మీ దగ్గరున్న డబ్బాలో పీహెచ్ కదిలితే, ఏవి వెనక్కి తెప్పించుకోవాలో అదే రోజు తెలియాలి.